కాలర్ పదిహేనున్నర

కొత్త షర్టు కుట్టించుకోవడానికి వెళ్లిన మా బావగారికి టైలర్ కాలర్ 15.5 అంగుళాలని రాసిచ్చాడు. సెంటీమీటర్లలో లెక్కేస్తే 39.4. "ఇంకో పిసరు పెరిగితే ఊబకాయం గీత దాటినట్టేగా!" అని సాయంత్రం ఫోన్ చేశారు.

ఆ గీత 2001లో ఇజ్రాయెల్ వైద్యులు ప్రచురించిన పరిశోధనలోది. మెడ చుట్టుకొలత మగవారికి 37, ఆడవారికి 34 సెంటీమీటర్లకు తగ్గితే అధిక బరువు ఉన్నట్టు కాదన్నారు. 39.5, 36.5 వస్తే ఊబకాయాన్ని అనుమానించమన్నారు.

పొట్టను వదిలి మెడను కొలవడమెందుకు? నడుము కొలవాలంటే కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమి చోటు వెతకాలి, ఊపిరి మామూలుగా వదిలాక టేపు చూడాలి. చీర కుచ్చిళ్ల మీద అది కుదరదు. భోంచేస్తే ఆ లెక్క మారిపోతుంది. మెడకు ఆ చిక్కుల్లేవు. పొట్టలో కొవ్వు పేరుకునేవాళ్లకు మెడ దగ్గరా చేరడం మామూలే. పైగా ఒంటి పైభాగపు కొవ్వు, రక్తంలోకి కొవ్వు ఆమ్లాలను ఎక్కువగా వదులుతుంది. పొట్టలోపలి కొవ్వును లెక్కలోకి తీసుకున్నాక కూడా మెడ కొలతకు గుండెజబ్బు ముప్పు సూచికలతో సంబంధం ఉందని 2010లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం చూపింది.

ఇక బావగారి లెక్క. టైలర్లు కాలర్‌కి వదులు కలుపుతారు. అది మెడ కొలత కాదు. మర్నాడు నేనే కొలిచాను. మొదటిసారి 39 వచ్చింది, ఎందుకంటే ఆయన టేపు వంక చూడటానికి గడ్డం దించారు, టేపేమో గొంతుముడి మీదికి ఎక్కింది. నిటారుగా నిలబెట్టి, భుజాలు వదిలేయమని, ఎదురుగా చూడమన్నాను. మింగినప్పుడు కదిలే ఆ ముడికి సరిగ్గా కిందగా, మెడకు అడ్డంగా టేపు చుట్టాను. వెనకవైపు జారకుండా చూడాలి, అక్కడే ఎక్కువమంది తప్పుతారు. చర్మానికి తగలాలి, నొక్కకూడదు. రెండుసార్లు కొలిస్తే 38.1, 38.3, సగటు 38.2. ఆడవారికి ముడి పైకి కనబడదు, వేలితో తడిమి పట్టుకోవాలి. సాగిపోయిన పాత బట్ట టేపు మాత్రం వద్దు, తక్కువ చూపిస్తుంది.

థైరాయిడ్ వాపో, మెడలో గడ్డలో ఉన్నవారికి ఈ కొలత పనికిరాదు. కుస్తీ పట్టేవాళ్ల మెడ కండతోనే లావెక్కుతుంది. దేశాన్ని బట్టీ గీతలు మారుతుంటాయి. అందుకే దీనితో జబ్బు తేల్చరు, తర్వాత ఏం చూడాలో నిర్ణయించుకుంటారు.

38.2 అంటే ఊబకాయం గీతకు దిగువే, కానీ 37 దాటింది. అందుకని నడుమూ కొలిచాం: 96. భారతీయ మగవారికి హద్దు 90. సోమవారం పరగడుపున షుగర్ పరీక్షకు వెళ్తానన్నారు. షర్టు మాత్రం వదులుగానే కుట్టమన్నారట.