మార్చి 13 దాటిపోతే మే 2 ఎందుకవుతుంది?

శుక్రవారం సాయంత్రం ఆరున్నర. హైదరాబాద్‌లో ఐటీ ఆఫీసులు ఖాళీ అవుతుంటాయి. అమెరికా తూర్పు రాష్ట్రాల్లో అప్పుడే ఉదయం తొమ్మిది అవుతుంది, మార్చి రెండో వారంలో వాళ్లు గడియారాలు ముందుకు జరుపుకున్నాక లెక్క ఇది. క్లయింట్ తన సీట్లో కూర్చుని మొదట తెరిచేది ఆ వారం స్టేటస్ మెయిలే. పని అనుకున్నట్టే సాగుతుంటే దాన్ని అర నిమిషంలో చదివి పక్కన పెడతాడు. కానీ అందులో 'ఫలానా మైల్‌స్టోన్ ఆలస్యమైంది, కొత్త తేదీ ఇది' అని ఉంటే కథ మారిపోతుంది. ఆ మెయిల్ వాళ్ల పైఅధికారికి వెళ్తుంది, ఫైనాన్స్ విభాగానికి వెళ్తుంది, ఆరు నెలల తర్వాత బిల్లు దగ్గర పేచీ వస్తే మళ్లీ బయటికి వస్తుంది. అంత దూరం ప్రయాణించే ఉత్తరంలో అన్నిటికంటే బరువైనది ఆ కొత్త తేదీ. చాలామంది ప్రాజెక్ట్ లీడ్‌లు తడబడేదీ అక్కడే. క్షమాపణ బాగానే రాస్తారు, తేదీని మాత్రం ఊహించి రాస్తారు.

ఒక ఉదాహరణ తీసుకుని, 2026 క్యాలెండర్ ముందు పెట్టుకుని, తేదీ ఎలా కట్టాలో చూద్దాం. అమెరికాలోని ఒహైయోలో మందుల షాపులకు సరుకు పంపే ఒక పంపిణీ సంస్థ ఉందనుకోండి. దాని పాత ఆర్డర్ల సిస్టమ్ స్థానంలో కొత్తది కట్టే పని హైదరాబాద్ టీమ్‌ది. పాత సిస్టమ్‌లో ఉన్న 4,80,000 షాపుల ఖాతాలను కొత్తదాంట్లోకి ఒకసారి పూర్తిగా ఎక్కించి, లెక్క సరిపోయిందని చూపించడం ఒక మైల్‌స్టోన్. ఒప్పందం ప్రకారం దాని గడువు మార్చి 13, శుక్రవారం. ఆ తర్వాత 16 నుంచి ఏప్రిల్ 3 దాకా క్లయింట్ మనుషులు నలుగురు కూర్చుని కొత్త సిస్టమ్‌ను వాడి చూస్తారు. ఐటీ వాళ్లు యూఏటీ అనేది దీన్నే. దొరికిన తప్పులు సరిదిద్దడానికి ఏప్రిల్ 6 నుంచి 10 వరకు ఒక వారం. 11, 12 శని ఆదివారాల్లో పాతది ఆపి కొత్తది మొదలుపెట్టాలి. అదే గో-లైవ్.

మార్చి 10 మంగళవారం ఖాతాలు ఎక్కించడం మొదలైంది. బుధవారానికి చూస్తే 31,000 ఖాతాలను కొత్త సిస్టమ్ తిప్పికొట్టింది. కారణం వెతికితే, ఎక్కువ షాపులకు పాత సిస్టమ్‌లో రెండేసి ఖాతాలున్నాయి. పాతది అందుకు ఒప్పుకునేది, కొత్తది ఒక లైసెన్స్ నంబరుకు ఒకే ఖాతా అంటుంది. రెండింటిలో ఏది ఉంచాలి? అది హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లు తేల్చగలిగింది కాదు. ఒక ఖాతాలో 30 రోజుల అప్పు, ఇంకోదాంట్లో 45 రోజుల అప్పు ఉంటే ఏది చెల్లుతుందో చెప్పాల్సింది క్లయింట్ సేల్స్ అధికారి.

ఇక్కడ మొదటి జాగ్రత్త సమయానికి సంబంధించింది. ఈ విషయం శుక్రవారం మెయిల్‌లో మొదటిసారి తెలియకూడదు. బుధవారం తెలిసింది కాబట్టి బుధవారమే ఫోన్‌లో చెప్పాలి, కొత్త తేదీ ఇంకా కట్టలేదని కూడా చెప్పాలి. శుక్రవారం మెయిల్ ఆ మాటకు రాతరూపం, అంతే. నెలలో మొదటి మూడు వారాలూ స్టేటస్ గడిలో పచ్చరంగు చూపించి, నాలుగో వారం ఒక్కసారిగా ఎరుపు చూపిస్తే క్లయింట్ ఆ ఎరుపును కాదు, వెనకటి పచ్చలను అనుమానిస్తాడు. పైన పచ్చగా, లోపల ఎర్రగా ఉండే ఇలాంటి స్టేటస్‌ను ఈ రంగంలో పుచ్చకాయ అంటారు.

ఇప్పుడు తేదీ. తొందరపడే లీడ్ ఏం చేస్తాడంటే, 'ఐదారు రోజుల పని, 20వ తేదీకి అయిపోతుంది, వీకెండ్ కూడా పనిచేస్తాం' అని రాసేస్తాడు. సరిగా కట్టాలంటే పనిని వరసగా పేర్చుకోవాలి. ఏ ఖాతా ఉంచాలో క్లయింట్ నిర్ణయం మార్చి 17 మంగళవారం సాయంత్రానికి వస్తుందనుకుందాం. 18న పని మొదలు. 19 ఉగాది, హైదరాబాద్‌లో సెలవు. 20, 23 తేదీల్లో సవరణ పూర్తి. 24న మళ్లీ ఖాతాలు ఎక్కించాలి, 25న లెక్క సరిచూడాలి. అంటే మైల్‌స్టోన్ కొత్త తేదీ మార్చి 25, బుధవారం. పనిదినాల లెక్కలో ఎనిమిది రోజుల ఆలస్యం. పండుగను మరిచిపోయి 24 అని రాస్తే, ఆ ఒక్క రోజుకోసం వచ్చే వారం రెండోసారి తేదీ మార్చాల్సి వచ్చేది.

చాలా మెయిళ్లు ఇక్కడితో ఆగిపోతాయి. క్లయింట్‌కు కావలసింది మాత్రం ఇది కాదు. ఖాతాలు ఎప్పుడు ఎక్కుతాయన్నది మన మైల్‌స్టోన్, షాపులు కొత్త సిస్టమ్‌లో ఎప్పుడు ఆర్డర్ పెడతాయన్నది అతని అవసరం. అందుకని 25ను పట్టుకుని ముందుకు నడవాలి. యూఏటీకి 15 పనిదినాలు, మార్చి 26 నుంచి ఏప్రిల్ 15 దాకా. తప్పులు దిద్దడానికి ఐదు రోజులు, 16 నుంచి 22 వరకు. ఆ వెంటనే వచ్చే శని ఆదివారాలు ఏప్రిల్ 25, 26. అయితే ఈ సంస్థ ప్రతి నెలా 24 నుంచి నెలాఖరు దాకా లెక్కలు ముగించుకుంటుంది. ఆ రోజుల్లో ఏ సిస్టమ్‌నూ ముట్టుకోనివ్వదు. కాబట్టి గో-లైవ్ మే 2, 3కి పోతుంది. ఎనిమిది పనిదినాల ఆలస్యం సరిగ్గా మూడు వారాలైంది. ఇది చూడకుండా 'కొంచెం ఆలస్యం' అని రాసిన లీడ్ అబద్ధం చెప్పాలని చెప్పడు. సగం దారి నడిచి ఆగిపోతాడు. ఫలితం మాత్రం అబద్ధంలాగే ఉంటుంది, ఎందుకంటే క్లయింట్ ఏప్రిల్ మధ్యకి ఏర్పాట్లు చేసేసుకుంటాడు.

మే 2ను ముందుకు లాగే దారి ఉందా? చాలామందికి మొదట తోచేది మనుషుల్ని పెంచడం. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే తన పుస్తకంలో వివరించాడు. ఐబీఎంలో పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్ పనిని నడిపిన అనుభవం అతనిది. కొత్తవాళ్లకు పని నేర్పేది పాతవాళ్లే, ఆ సమయం పనిలోంచే పోతుంది. మన ఉదాహరణలో సవరణ పనికి ఈ మాట వర్తిస్తుంది. యూఏటీకి అంతగా వర్తించదు, ఎందుకంటే అక్కడ పరీక్షించేవాళ్లు ఆ వ్యాపారం తెలిసిన క్లయింట్ ఉద్యోగులే, పరీక్షలనూ విడివిడిగా పంచుకోవచ్చు. నలుగురు 15 రోజులు చేసేది ఆరుగురు 10 రోజుల్లో చేయగలిగితే, యూఏటీ ఏప్రిల్ 8కి ముగుస్తుంది. దిద్దుబాట్లు 15కి అవుతాయి. 18, 19 శని ఆదివారాలు నెలాఖరు గడువుకు ముందే ఉన్నాయి. ఒక వారం ఆలస్యంతో గట్టెక్కవచ్చు. అయితే ఆ ఇద్దరు మనుషుల్ని ఇవ్వాల్సింది క్లయింట్. పైగా ఈ దారిలో ఇక రెండు రోజులకు మించి జారితే కష్టమే.

ఇదంతా తేల్చుకున్నాక మెయిల్ రాయడం చిన్న పని. రాసేది ఇంగ్లీషులోనే అయినా, మన భాషలో చెప్పుకుంటే ఇలా ఉండాలి.

"విషయం: ఖాతాల బదిలీ మార్చి 13 నుంచి 25కి. గో-లైవ్ తేదీపై మీ నిర్ణయం 17లోగా కావాలి.

బుధవారం ఫోన్‌లో చెప్పినట్టు, ఈరోజు పూర్తి కావలసిన ఖాతాల బదిలీ పూర్తి కాలేదు. 4,80,000లో 31,000 ఖాతాలు ఎక్కలేదు. ఎక్కువగా ఒకే షాపుకు రెండు ఖాతాలుండటం కారణం. ఈ పరిశీలన మేము ఫిబ్రవరిలోనే చేసి ఉండాల్సింది. మిగతా ఖాతాల లెక్క సరిపోయింది.

రెండింటిలో ఏది ఉంచాలో మంగళవారం, 17 సాయంత్రంలోగా మీ సేల్స్ విభాగం చెప్పాలి. చివరిసారి సరుకు కొన్న ఖాతాను ఉంచమని మా సూచన. అలా జరిగితే బదిలీ 25కి పూర్తవుతుంది. యూఏటీ 26న మొదలవుతుంది.

గో-లైవ్ ముందనుకున్నది ఏప్రిల్ 11, 12. ఇప్పుడున్న నలుగురితోనే పరీక్షిస్తే మే 2, 3. మీరు ఇంకో ఇద్దరిని ఇవ్వగలిగితే ఏప్రిల్ 18, 19, కానీ అందులో మిగులు రోజులు దాదాపు ఉండవు. మేము మే తేదీని సూచిస్తున్నాం."

ఇందులో పాత తేదీ పక్కనే కొత్త తేదీ ఉండటం గమనించండి. కొందరు పాతదాన్ని తీసేసి కొత్తదొక్కటే రాస్తారు. నాలుగు వారాల మెయిళ్లు పక్కపక్కన పెట్టి చూస్తే గానీ జారుడు కనిపించదు. అలాగే 'పని 90 శాతం అయింది' అనే మాట ఇందులో లేదు. ఆ 90 చాలా ప్రాజెక్టుల్లో వారాల తరబడి 90గానే ఉంటుంది. ఎక్కని ఖాతాలెన్ని అన్న లెక్కను మాత్రం ఎవరైనా సరిచూసుకోవచ్చు. తప్పు ఒప్పుకోవడానికి ఒక్క వాక్యం సరిపోయింది. పాత డేటాలో లోపం క్లయింట్‌దే అయినా ఆ వాదన ఇక్కడ పెట్టలేదు. తేదీలు ఒప్పందంలో ఉన్నవైతే, డబ్బు చెల్లింపు ఆ మైల్‌స్టోన్‌కు ముడిపడి ఉంటే, వాటిని మార్చడానికి ఇరువైపులా సంతకం చేసే మార్పు పత్రం వేరే ఉంటుంది. స్టేటస్ మెయిల్ ఆ పత్రం కాదు.

రెండోసారి తేదీ మారిస్తే ఏమవుతుందో బెర్లిన్ కొత్త విమానాశ్రయం చూపించింది. అది 2012 జూన్ 3న తెరుచుకోవాలి. నాలుగు వారాలు కూడా లేని సమయంలో, మే 8న, వాయిదా అన్నారు. అగ్నిప్రమాద రక్షణ వ్యవస్థ సిద్ధం కాలేదు. 2013 మార్చి 17 అని కొత్త తేదీ ఇచ్చారు. అది పోయి అక్టోబరు 27 వచ్చింది, అదీ పోయింది. చివరికి విమానాశ్రయం తెరుచుకున్నది 2020 అక్టోబరు 31న. 2012 మే వాయిదా నాటికే ఎంత పని మిగిలిందో ఎవరికీ పూర్తిగా లెక్క తెలియదు, తేదీలు మాత్రం ప్రకటిస్తూ పోయారు.

మన ఉదాహరణకు వస్తే, క్లయింట్ మే తేదీనే ఎంచుకున్నాడనుకుందాం. మార్చి 20 శుక్రవారం మళ్లీ మెయిల్ వెళ్లాలి. సేల్స్ విభాగం నిర్ణయం 17న కాక 18 సాయంత్రం వచ్చింది. దాంతో బదిలీ 26కి, యూఏటీ ముగింపు ఏప్రిల్ 16కి, దిద్దుబాట్లు 23కి జరిగాయి. గో-లైవ్ మాత్రం కదల్లేదు, ఎందుకంటే దిద్దుబాట్లకూ మే 2కూ మధ్య ఏడు పనిదినాల మిగులు ఉండేది. ఇప్పుడది ఆరు. ఈ వారం మెయిల్‌లో మొదటి వాక్యం ఇదే కావాలి: గో-లైవ్ మే 2, 3నే, మిగులు ఏడు రోజుల నుంచి ఆరుకు తగ్గింది.