అడిగిన రోజును బట్టే వసూలు

జనవరి 28. ఒక వీడియో యాప్ తన వెయ్యిమంది చందాదారుల కార్డుల నుంచి తలా ₹299 తీసుకోబోయింది. 80 మందివి ఫెయిలయ్యాయి. ఇదంతా ఊహించిన లెక్కే కానీ, చందాల వ్యాపారంలో నెలనెలా జరిగే తంతే. ఆ 80 బాకీలను మళ్లీ మళ్లీ అడిగి రాబట్టుకోవడాన్ని డన్నింగ్ అంటారు.

అడిగేముందు చూడాల్సింది బ్యాంకు చెప్పిన కారణం. అది ఒక కోడ్‌గా వస్తుంది. 51 అంటే ఖాతాలో డబ్బు చాలలేదని. నాలుగు రోజులాగితే రావచ్చు. 41 అంటే కార్డు పోయిందని, 43 అంటే దొంగిలించారని. వీటిని ఎన్నిసార్లు అడిగినా దండగే. కొత్త కార్డు ఇమ్మని చందాదారుకే మెసేజ్ పంపాలి. చిక్కంతా 05తోనే. బ్యాంకు కాదంటుంది కానీ ఎందుకో చెప్పదు. అలాగని రోజూ కొట్టిచూడటం కుదరదు. వీసా కార్డుపై ఒకే చెల్లింపును 30 రోజుల్లో 15 సార్లకు మించి మళ్లీ ప్రయత్నిస్తే అదనపు రుసుము పడుతుంది.

మన 80లో 12 ఇలా పనికిరాని కార్డులు. మిగిలిన 68కి 30న మళ్లీ ప్రయత్నిస్తే 14 వచ్చాయి. జీతాలు పడ్డాక ఫిబ్రవరి 2న అడిగితే, మిగిలిన 54లో 26 వచ్చాయి. 7న 28 మందిని అడిగితే 6 వచ్చాయి. మొత్తం 46. మెసేజ్ చూసి కార్డు మార్చుకున్నవాళ్లు మరో నలుగురు. అంటే 50 బాకీలు వసూలయ్యాయి.

మరి రికవరీ రేటెంత? మొదటిసారి ఫెయిలైన బాకీలతో భాగించాలి:

```
50 / 80 = 62.5%
```

పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. మొత్తం 150 రీట్రైలతో 46ను భాగిస్తే 31 శాతం కూడా రాదు. అది ఒక్కో ప్రయత్నం ఫలించిన తీరే తప్ప బాకీల వసూలు కాదు. పనికిరాని 12 కార్డులను పక్కన పెట్టి 46ను 68తో భాగిస్తే దాదాపు 68 శాతం కనిపిస్తుంది. పోయిన చందాదారులు లెక్కలోంచే మాయమైపోతారు. ఫిబ్రవరి 2 రాత్రే చూస్తే 50 శాతమే. అందుకే గడువు ముందే పెట్టుకోవాలి. 14 రోజులనుకుంటే ఫిబ్రవరి 11 వరకు ఆగి, వచ్చిన డబ్బును జనవరి 28న ఫెయిలైనవాళ్ల ఖాతాలోనే రాయాలి. ఫిబ్రవరి లెక్కలో కలిపితే రెండు నెలలూ తప్పుతాయి. నెల చందాలతోపాటు ఏడాది చందాలూ ఉంటే, ఇదే లెక్కను రూపాయల్లోనూ వేయాలి.

ఇంకో మెలిక ఉంది. ఆ 50 మందిలో కొందరు ఎవరూ అడగకపోయినా సినిమా ఆగిపోగానే వాళ్లే కట్టేవారు. వాళ్లెందరో తేలాలంటే, ఫెయిలైనవాళ్లలో కొందరిని చీటీ తీసినట్టు ఎంచి, వారికి రీట్రైలు, మెసేజ్‌లు రెండూ ఆపి చూడాలి. రెండు గుంపుల రేట్ల మధ్య తేడాయే డన్నింగ్ నిజంగా తెచ్చిపెట్టినది.