షాపు అద్దె బేరానికి ముందు వేసుకోవలసిన రెండు లెక్కలు

గుంటూరులో పదేళ్లుగా నడుస్తున్న ఓ మ్యాచింగ్ సెంటర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు, మొత్తం 200 చదరపు అడుగులు. నెల అద్దె 18,000 రూపాయలు. మూడేళ్ల అగ్రిమెంటు ముగియబోతోంది. ఈసారి 26,000 కావాలన్నారు ఓనరు. అంకెలు ఊహించినవే అయినా బేరం మాత్రం ఏ ఊళ్లోనైనా ఇలాగే మొదలవుతుంది.

ముందు చుట్టుపక్కల అద్దెలు తెలుసుకోవాలి. టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే చెప్పేది ఓనరు ఆశిస్తున్న ధర మాత్రమే. ఇరవై ఏళ్లుగా ఉన్న పక్క షాపు అద్దె పాత కాలపుది. పనికొచ్చేది గత ఏడాదిలో దిగినవాళ్లు నిజంగా కడుతున్న అద్దె. దాన్ని చదరపు అడుగుకు లెక్కగట్టాలి. అదే వీధిలో 150 అడుగుల షాపుకు 15,000 కడుతున్నారంటే అడుగుకు వంద, 240 అడుగులదానికి 25,200 అంటే నూట ఐదు. మూల మీది షాపు నూట ముప్పై పలుకుతోంది. దానికి రెండు వైపులా రోడ్డుంది కాబట్టి మన లెక్కలోకి రాదు. ఈ లెక్కన మన షాపుకు తగిన అద్దె 20,000కూ 21,000కూ మధ్య ఉంటుంది.

అడ్వాన్సు ఎంతిచ్చారో కూడా అడగాలి. ఒకరు మనకన్నా లక్ష ఎక్కువ ఇచ్చి ఉంటే, నూటికి రూపాయి వడ్డీ చొప్పున నెలకు వెయ్యి అదనంగా కడుతున్నట్టే. ఆ వెయ్యి కలపకుండా పోల్చితే వాళ్ల అద్దె తక్కువగా కనిపిస్తుంది.

రెండో లెక్క, షాపు మారితే అయ్యే ఖర్చు. అరలు, లైట్లు, బోర్డు కొత్తగా పెట్టుకోవడానికి లక్ష. బ్రోకరుకు 20,000. మూసి ఉంచిన వారం రోజుల లాభం 20,000. ఇక చాలామంది వేసుకోని ఖర్చు ఒకటుంది: కొత్త చోటు తెలియక రాని గిరాకీ. మొదటి నాలుగు నెలలు నెలకు 19,000 లాభం తగ్గుతుందనుకుంటే 76,000. అంతా కలిపితే 2,16,000. మూడేళ్లకు పంచితే నెలకు 6,000. మందుల షాపయితే లైసెన్సు ఆ చిరునామాకే ఇస్తారు కాబట్టి, కొత్త చోటుకు లైసెన్సు తెచ్చుకునే గడువూ ఇందులో చేరుతుంది.

ఇలాంటి షాపే మరోచోట 20,500కి దొరికినా, మారే ఖర్చు కలిపితే నెలకు 26,500 పడుతుంది. అంటే ఓనరు అడిగిన 26,000 కట్టినా ఉండిపోవడమే చవక. ఈ నిజం మనకు తెలియాలి, ఆయనకు చెప్పకూడదు. కొత్త అరలకు లక్షయిందని, గిరాకీ అంతా ఈ వీధిదేనని ఆయన ముందు వాపోతే ఎంతవరకు పెంచవచ్చో మనమే చెప్పినట్టవుతుంది. మారే ఉద్దేశం లేనప్పుడు ఖాళీ చేస్తామని బెదిరించడమూ మంచిది కాదు. సరేనన్నారంటే ఇరుక్కునేది మనమే.

ఓనరుకూ ఓ లెక్క ఉంటుంది. మనం పోతే షాపు మూడు నెలలు ఖాళీగా ఉందనుకోండి, 61,500 పోయినట్టే. బ్రోకరుకు మరో నెల అద్దె. మొత్తం 82,000, మూడేళ్లలో నెలకు దాదాపు 2,300. అందుచేత కొత్తవాళ్ల దగ్గర 20,500 వచ్చినా, ఆయనకు మిగిలేది 18,200 మాత్రమే. ఆ వీధిలో టు-లెట్ బోర్డులు ఎన్నాళ్లు వేలాడుతున్నాయో గమనిస్తే ఈ మూడు నెలల అంచనా సరైనదో కాదో తెలిసిపోతుంది. వారంలోనే బోర్డు దిగిపోయే వీధిలో ఆయనకు పోయేదేమీ లేదు, మన పట్టూ అంతే తగ్గుతుంది.

కాబట్టి బేరం 18,200కూ 26,500కూ మధ్య ఎక్కడైనా తెగవచ్చు. మధ్యలో నిలబడి మాట్లాడటానికి ఆధారం చుట్టుపక్కల అద్దెలే. "బాబాయిగారూ, ఈ ఏడాది దిగిన రెండు షాపులూ అడుగుకు వంద, నూట ఐదు కడుతున్నాయి. ఆ లెక్కన నేను 20,000 ఇస్తాను. ఒకటో తారీఖు దాటకుండా కడుతున్న సంగతి మీకు తెలుసు" అని మొదలుపెడితే, 20,500 దగ్గర తెగే అవకాశం బాగా ఉంటుంది. గడువుకు మూడు నాలుగు నెలల ముందే అడగాలి. చివరి వారంలో అడిగితే వేరే షాపు చూసుకునే వ్యవధి ఉండదు, అది ఆయనకూ తెలుసు.

మారే ఖర్చును 36 నెలలకు పంచాం కదా, ఆ మూడేళ్లూ మనకు ఖాయంగా ఉండాలి. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది. చేయించకపోతే మూడేళ్ల గడువు కోర్టులో నిలబడటం కష్టం. అప్పుడు మనది నెలనెలా సాగే అద్దెగా లెక్కకొస్తుంది, సాధారణంగా పదిహేను రోజుల నోటీసుతో ఖాళీ చేయమనవచ్చు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరిదో, ఏటా ఎంత శాతం పెంచుతారో ఇదే బేరంలో తేల్చుకోవాలి. కొత్త అరలు, ఏసీ, గ్లాసు తలుపు లాంటివి ఆ కాగితం చేతికొచ్చాకే పెట్టించుకోవాలి.