ఆరు లక్షల మిషన్ గిట్టుబాటు అవుతుందా?

పెళ్లిళ్ల సీజన్ మొదలైతే చిన్న పట్టణాల్లోని బొటిక్‌లకు ఊపిరి సలపదు. పట్టుచీర కొన్నవాళ్లు బ్లౌజుకు వర్క్ చేయించకుండా ఉండటం లేదు. చేత్తో వేసే మగ్గం వర్క్‌కు వేలల్లో అవుతుంది కాబట్టి చాలామంది కంప్యూటర్ వర్క్‌తో సరిపెట్టుకుంటారు. మిషన్ లేని బొటిక్ యజమాని ఆ బ్లౌజులను మిషన్ ఉన్నచోటికి జాబ్ వర్క్‌కు పంపి, పైన తన కమిషన్ వేసుకుంటుంది. ఏడాది తిరిగేసరికి బయటికి వెళ్లిన డబ్బు చూసుకుంటే గుండె తరుక్కుపోతుంది. మనమే ఒక మిషన్ కొనేస్తే పోలేదా అన్న ఆలోచన అక్కడే మొదలవుతుంది.

అలాంటి ఒక షాపును నమూనాగా తీసుకుందాం. మిషన్, స్టెబిలైజర్, డిజైన్ సాఫ్ట్‌వేర్, రవాణా, బిగింపు అన్నీ కలిపి 6 లక్షల రూపాయలు అవుతాయనుకుందాం. మిషన్ ఐదేళ్లు బాగా పనిచేస్తుంది, ఆ తర్వాత అమ్మితే లక్ష రూపాయలు వస్తాయి. షాపును బట్టి, ఊరిని బట్టి ఈ అంకెలు మారతాయి. లెక్క కట్టే తీరు మాత్రం మారదు.

ముందుగా తేలాల్సింది మిషన్ వల్ల కొత్తగా చేతికొచ్చే డబ్బు ఎంత అన్నది. ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే. కస్టమర్ దగ్గర ఒక్కో బ్లౌజుకు 650 రూపాయలు తీసుకుంటున్నారు కాబట్టి ఆ మొత్తమంతా మిషన్ సంపాదనే అని రాసేసుకుంటారు. కానీ అందులో 200 రూపాయల కమిషన్ మిషన్ లేనప్పుడు కూడా వచ్చింది. జాబ్ వర్క్‌కు ఇస్తున్న 450 రూపాయలు ఇప్పుడు ఇవ్వనక్కర్లేదు. సొంత బ్లౌజుల మీద మిషన్ తెచ్చే లాభం అంతవరకే. షాపులో ఏడాదికి 600 బ్లౌజులకు వర్క్ పడుతుందంటే మిగిలేది 2,70,000 రూపాయలు. చుట్టుపక్కల టైలర్లు ఏడాదికి మరో 400 బ్లౌజులు అదే రేటుకు తెచ్చిస్తే ఇంకో 1,80,000 వస్తుంది. మొత్తం 4,50,000.

ఇక ఖర్చు. ఆపరేటర్‌కు నెలకు 15,000 చొప్పున ఏడాదికి 1,80,000. దారం, బాబిన్లు, సూదులు, గుడ్డ కింద వేసే పేపరు కలిపి బ్లౌజుకు 30 రూపాయల చొప్పున 30,000. కరెంటు, సర్వీసింగ్‌కు 40,000. ఇవన్నీ పోను ఏడాదికి 2 లక్షలు మిగులుతాయి. యజమానే మిషన్ దగ్గర కూర్చుంటే జీతం మిగులుతుంది కదా అని ఆ పద్దు కొట్టేయకూడదు. ఆమె అక్కడ కూర్చున్నంతసేపూ కటింగ్ ఆగిపోతుంది, ఆ నష్టం ఇంకోచోట తేలుతుంది.

మొదటి ఏడాది బయటి టైలర్లు అంత నమ్మకంగా పని ఇవ్వరు, ఆపరేటర్ చేయి తిరగడానికీ సమయం పడుతుంది. కాబట్టి ఆ ఏడాదికి లక్షన్నర వేసుకోవాలి. రెండు, మూడు, నాలుగో ఏళ్లలో రెండేసి లక్షలు. ఐదో ఏట రిపేర్లు పెరుగుతాయి కనుక మళ్లీ లక్షన్నర, దానికి మిషన్ అమ్మిన లక్ష కలిపితే రెండున్నర లక్షలు.

ఇప్పుడు పెట్టుబడి తిరిగివచ్చే కాలం, అంటే పేబ్యాక్ పీరియడ్ చూద్దాం. మూడేళ్లకు చేతికొచ్చింది ఐదున్నర లక్షలు. ఇంకా యాభై వేలు రావాలి. నాలుగో ఏట రెండు లక్షలు వస్తాయి కాబట్టి అందులో పావు వంతు కాలం, అంటే మూడు నెలలు చాలు. మొత్తం మూడేళ్ల మూడు నెలలు. వేళ్ల మీద తేలిపోయే లెక్క. షాపు అద్దె ఒప్పందం మూడేళ్లకే ఉన్నా, ఈ ఫ్యాషన్ నాలుగో ఏటికి ఉంటుందో లేదో అన్న అనుమానం ఉన్నా, ఈ ఒక్క అంకె మంచి హెచ్చరిక అవుతుంది.

కానీ ఇది సగం కథే చెబుతుంది. అదే షాపుకు 3 లక్షలకు ఒక సెకండ్ హ్యాండ్ మిషన్ దొరికిందనుకుందాం. మొదటి రెండేళ్లు లక్షా ఇరవై వేల చొప్పున, మూడో ఏడు తొంభై వేలు తెచ్చి, ఆ తర్వాత తుక్కు కింద పోతుంది. దీని డబ్బు రెండేళ్ల ఎనిమిది నెలలకే తిరిగివస్తుంది. పేబ్యాక్ ఒక్కటే చూసేవాళ్లు పాత మిషన్ వైపే మొగ్గుతారు. అసలు వచ్చేశాక ఆ మిషన్ ఇంకా ఎన్నాళ్లు సంపాదిస్తుందన్నది ఆ లెక్కకు కనబడదు. మూడో ఏట వచ్చే రూపాయి ఇవాళ్టి రూపాయితో సమానం కాదన్న సంగతి కూడా దానికి పట్టదు.

ఆ లోటును తీర్చేది నికర ప్రస్తుత విలువ. లెక్క రాసేవాళ్లు ఎన్‌పీవీ అంటారు. బ్యాంకు అప్పు 12 శాతం వడ్డీకి వస్తుందనుకుంటే, ఏడాది తర్వాత వచ్చే 112 రూపాయలకు ఇవాళ్టి విలువ 100. ఆ లెక్కన ఏడాది తర్వాతి లక్షన్నరను 1.12తో భాగిస్తే ఇవాళ దాని విలువ 1,33,929. రెండో ఏటి రెండు లక్షలను 1.12తో రెండుసార్లు భాగిస్తే 1,59,439. ఇలాగే మూడో ఏడు 1,42,356, నాలుగో ఏడు 1,27,104, ఐదో ఏడు 1,41,857. అన్నీ కలిపితే 7,04,685. అందులోంచి మిషన్ ధర 6 లక్షలు తీసేస్తే 1,04,685 మిగులుతుంది. పెట్టుబడి మీద 12 శాతం రాబడి గిట్టాక కూడా, ఇవాళ్టి విలువలో లక్షకు పైగా మిగులుతుందని అర్థం. సెకండ్ హ్యాండ్ మిషన్‌కు ఇదే లెక్క వేస్తే 33,134 రూపాయల నష్టం తేలుతుంది. త్వరగా డబ్బు తిరిగిస్తుందనుకున్న మిషనే చివరికి చేతి డబ్బు తింటుంది.

ఇక్కడ ఏ వడ్డీ రేటు వాడారన్నదే కీలకం. బ్యాంకు దొరక్క ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తే అది ఏడాదికి 24 శాతం. ఆ రేటుతో కొత్త మిషన్ లెక్కనే మళ్లీ వేస్తే లాభం మాయమై 74,190 రూపాయల నష్టం వస్తుంది. మిషన్ అదే, బ్లౌజులు అవే, డబ్బు తెచ్చిన చోటు మాత్రమే మారింది. సొంత డబ్బు పెట్టేవాళ్లు వడ్డీ లేదు కదా అని సున్నా రేటు వేసుకోవడం కూడా పొరపాటే. ఆ డబ్బు ఇంకోచోట పెడితే ఎంత తెచ్చేదో ఆ రేటునే వాడాలి.

12 శాతం దగ్గర లాభం, 24 శాతం దగ్గర నష్టం అయితే, రెండింటి మధ్య ఎక్కడో లాభనష్టాలు లేని రేటు ఒకటి ఉండాలి. దాన్నే ఐఆర్ఆర్ అంటారు. 18 శాతంతో వేసి చూస్తే ఇంకా 4,917 రూపాయలు మిగులుతున్నాయి. 19 శాతంతో వేస్తే 9,537 రూపాయలు లోటు. కాబట్టి ఈ మిషన్ ఐఆర్ఆర్ 18.3 శాతానికి దగ్గరగా ఉంటుంది. ఊరి భాషలో చెప్పాలంటే రూపాయిన్నర వడ్డీ వరకు ఈ మిషన్ తట్టుకుంటుంది, అది దాటితే తట్టుకోలేదు. అప్పు రేటు పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఇంతకన్నా సులువైన అంకె లేదు.

అయితే ఐఆర్ఆర్ శాతమే చెబుతుంది, మొత్తం చెప్పదు. 40,000 పెట్టి ఒక పీకో మిషన్ కొంటే మూడేళ్లపాటు ఏటా 20,000 తెస్తుందనుకుంటే దాని ఐఆర్ఆర్ 23 శాతం దాటుతుంది. కానీ 12 శాతం లెక్కన దానివల్ల మిగిలేది 8,000 రూపాయలు. శాతం చూసి పీకో మిషన్‌తో సరిపెట్టుకుంటే లక్ష మిగిలే అవకాశం వదులుకున్నట్టే. రెండింటిలో ఒకటే కొనగలిగిన పరిస్థితిలో ఎన్‌పీవీ మాటకే విలువ ఇవ్వాలి.

ఈ భాగహారాలన్నీ చేత్తో చేయనక్కర్లేదు. ఫోన్‌లోని ఎక్సెల్ చాలు. B1 గడిలో మిషన్ ధర మైనస్ గుర్తుతో (-600000), B2 నుంచి B6 వరకు ఐదేళ్ల రాబడి రాసి, వేరే గడుల్లో ఈ సూత్రాలు ఇవ్వాలి.

```
=NPV(12%,B2:B6)+B1
=IRR(B1:B6)
```

మొదటి సూత్రంలో B1 బయట ఉండటానికి కారణం ఉంది. బ్రాకెట్‌లో ఇచ్చిన మొదటి అంకెను ఎక్సెల్ ఏడాది తర్వాత వచ్చేదిగా లెక్కేస్తుంది. ఇవాళ చెల్లించే ధరను కూడా లోపల పెడితే అదీ తగ్గిపోయి, 1,04,684కు బదులు 93,468 చూపిస్తుంది. జవాబు నమ్మదగినట్టే కనిపిస్తుంది కాబట్టి ఈ తప్పు సులువుగా దొరకదు. ఇంకో తప్పు ఈఎంఐని ఖర్చుల్లో రాయడం. అసలును ముందే ధరగా తీసేశాం, వడ్డీని 12 శాతం రేటుతో తీసేశాం. మళ్లీ ఈఎంఐ తీస్తే ఒకే ఖర్చును రెండుసార్లు రాసినట్టు. తరుగుదల కింద రాసే మొత్తం కూడా ఇంతే, అది చేతినుంచి వెళ్లే డబ్బు కాదు.

ఈ లెక్కలో అన్నిటికన్నా బలహీనమైన అంకె బయటి టైలర్లు ఇచ్చే 400 బ్లౌజులు. అవి ఎన్ని తగ్గినా ఫర్వాలేదో ముందే తెలుసుకోవచ్చు. లక్షా నాలుగు వేల లాభం కరిగిపోవాలంటే ఏటా రాబడి 29,000 తగ్గితే చాలు. ఒక్కో బ్లౌజు మీద దారం ఖర్చు పోను 420 మిగులుతుంది కాబట్టి, అది ఏడాదికి 70 బ్లౌజులు, నెలకు ఆరు లెక్క. పక్క వీధిలో ఇంకొకరు మిషన్ పెడితే నెలకు ఆరు బ్లౌజులు అటు పోవడం పెద్ద విషయం కాదు. అడ్వాన్స్ కట్టే ముందే నలుగురైదుగురు టైలర్లతో రేటు మాట్లాడుకుని, నెలకు ఎన్ని ఇస్తారో కనుక్కోవడం అందుకే అవసరం.

చివరగా, ఈ మూడు అంకెలూ చూపించని చిక్కు ఒకటి ఉంది. ఆరు లక్షలూ 12 శాతానికి ఐదేళ్ల అప్పుగా తీసుకుంటే ఈఎంఐ నెలకు 13,347. ఏడాదికి లక్షా అరవై వేలు. మొదటి ఏట మిషన్ తెచ్చేది లక్షన్నరే. ఎన్‌పీవీ లాభం చూపిస్తున్నా మొదటి ఏడాది చేతి డబ్బు పది వేలు పడుతుంది. అదీ నెలనెలా సమానంగా రాదు. ఆషాఢంలో, మూఢంలో ముహూర్తాలు ఉండవు, మిషన్ ఖాళీగా ఉంటుంది, ఆపరేటర్ జీతం మాత్రం ఆగదు. లక్షన్నర సొంతంగా పెట్టి నాలుగున్నర లక్షలే అప్పు తీసుకుంటే ఈఎంఐ 10,010కి దిగుతుంది. మొదటి ఏడాదిలోనే ముప్పై వేల వరకు వెసులుబాటు దొరుకుతుంది. పని లేని ఒక నెల జీతం, ఈఎంఐ రెండూ కట్టడానికి ఆ మొత్తం సరిపోతుంది. రెండు నెలలు ఖాళీగా పోతే మాత్రం మరో ఇరవై వేలు ముందే పక్కన ఉంచుకోవాలి.