నెయ్యిలో కనిపించే లాభం నిజంగా నెయ్యిదేనా?

పాల డెయిరీకి డబ్బు ఎక్కడ మిగులుతుందని ఊళ్లో ఎవరినడిగినా నెయ్యిలో అనే చెబుతారు. లెక్క రాసే తీరును బట్టి డెయిరీ పుస్తకాలు కూడా అదే చూపించగలవు. తిరకాసంతా ఆ రాసే తీరులోనే ఉంది.

హార్వర్డ్ ఆచార్యుడు మైకేల్ పోర్టర్ 1985లో ‘వాల్యూ చైన్’ అనే ఆలోచనను ప్రచారంలోకి తెచ్చాడు. మనం విలువ గొలుసు అనుకుందాం. సంస్థ మొత్తానికి ఒకే లాభం లెక్క చూసి ఊరుకోకుండా, సరుకు లోపలికి రావడం, తయారవడం, బయటికి వెళ్లడం, అమ్ముడుపోవడం ఇలా పనులను విడదీసి, ఏ పనికి ఎంత ఖర్చయింది, ఏ పని వల్ల ఎంత విలువ పెరిగింది అని చూడటమే దాని సారం. సహకార డెయిరీలో ఈ గొలుసు పల్లెలోని పాల కేంద్రం దగ్గర మొదలై, బల్క్ కూలర్, ట్యాంకర్, ఫ్యాక్టరీ, ఏజెంటు మీదుగా ఇంటి గుమ్మం దాకా సాగుతుంది.

పాల దగ్గర మాత్రం ఒక చిక్కుంది. లోపలికి వచ్చే సరుకు ఒకటే, బయటికి వెళ్లేవి పది. పాల ఖర్చును ఆ పదింటికీ ఎలా పంచాలి? లీటర్లలో పంచితే కుదరదు. పాలలో విలువైనవి రెండే: వెన్న, వెన్న కాని ఘనపదార్థం. రెండోదాన్నే డెయిరీవాళ్లు ఎస్‌ఎన్‌ఎఫ్ అంటారు. రైతుకు డబ్బు కట్టేది వాటిని బట్టే కాబట్టి, లోపల ఖర్చు పంచడమూ వాటితోనే జరగాలి.

ఊహించిన ధరలతో ఒక లెక్క వేద్దాం. కిలో వెన్న విలువ 500 రూపాయలు, కిలో ఎస్‌ఎన్‌ఎఫ్ 240 రూపాయలు. ఏడు శాతం వెన్న, తొమ్మిది శాతం ఎస్‌ఎన్‌ఎఫ్ ఉన్న గేదెపాలు వంద కిలోలు కొంటే 5,660 రూపాయలవుతుంది. టోన్డ్ పాలకు మూడు శాతం వెన్న, ఎనిమిదిన్నర శాతం ఎస్‌ఎన్‌ఎఫ్ ఉంటే చాలు. మన వంద కిలోల్లోంచి నలభై శాతం వెన్న ఉన్న క్రీమ్ పదకొండు కిలోల దాకా తీస్తే, మిగిలిన 89 కిలోలు, అంటే దాదాపు 87 లీటర్లు, టోన్డ్ పాలవుతాయి.

క్రీమ్‌ను ఉచితంగా వచ్చిన ఉప ఉత్పత్తిలా రాసుకున్నారనుకోండి. పాల ఖర్చంతా టోన్డ్ పాల నెత్తిన పడి, లీటరుకు 65 రూపాయలవుతుంది. సేకరణ, చల్లబరచడం, ప్యాకింగ్, రవాణా కలిపి ఇంకో పన్నెండున్నర. ఏజెంటు కమీషన్ పోగా చేతికొచ్చేది 53 అనుకుంటే, లీటరుకు 25 రూపాయల నష్టం. అటు నెయ్యి కిలోకు డెయిరీ చేతికి 600 వస్తే, తయారీకీ డబ్బాకూ 50 పోగా 550 లాభం! ఈ కాగితం చూసిన పాలకవర్గం పాల అమ్మకం తగ్గించి నెయ్యి పెంచుదామంటే తప్పు పట్టలేం.

వెన్నకు వెన్న ధర, ఎస్‌ఎన్‌ఎఫ్‌కు దాని ధర కట్టి మళ్లీ చూడండి. లీటరు టోన్డ్ పాలలోని ఘనపదార్థం విలువ 36.50 రూపాయలు. ఖర్చులు కలిపితే 49. మిగిలేది నాలుగు. కిలో నెయ్యికి తయారీలో పోయేదానితో కలిపి 515 రూపాయల వెన్న పడుతుంది, ఖర్చులు పోగా మిగిలేది 35. అదీ నెయ్యి నెలల తరబడి గోదాములో ఉంటే వడ్డీకి కరిగిపోయే లాభం. ఇక పెరుగు. టోన్డ్ పాలతోనే చేసిన కిలో పెరుగుకు ఘనపదార్థం, మామూలు ఖర్చులు, తోడుపెట్టడానికీ చల్లటి గదికీ ఇంకో ఐదు కలిపి 53 అవుతుంది. కమీషన్, పన్ను పోగా 67 వస్తే పద్నాలుగు రూపాయలు మిగులుతాయి. కాకపోతే పెరుగు పులుస్తుంది. వంద ప్యాకెట్లలో ఐదు వెనక్కి వస్తే ఒక్కో ప్యాకెట్ మీద మూడు రూపాయలకు పైగా పోయినట్టే. అందుకే పెరుగు లాభం ఫ్యాక్టరీలో కన్నా ఏజెంటు ఫ్రిజ్‌లో, తెల్లవారుజామున వ్యాను బయల్దేరే వేళలో ఎక్కువగా తేలుతుంది.

ఆ టోన్డ్ పాల నాలుగు రూపాయలూ కూడా ఖాయం కాదు. గేదెపాలలోంచి క్రీమ్ తీశాక ఎస్‌ఎన్‌ఎఫ్ దాదాపు 9.4 శాతానికి చేరుతుంది. కావలసింది ఎనిమిదిన్నరే. ఆ తేడా లీటరుకు రెండు రూపాయలకు పైనే, ప్యాకెట్లో ఉచితంగా వెళ్లిపోతుంది. ఎస్‌ఎన్‌ఎఫ్ తక్కువుండే ఆవుపాలు తగు పాళ్లలో కలిపే డెయిరీ ఆ డబ్బు నిలుపుకుంటుంది. గేదెపాలు ఎక్కువగా వచ్చే మన జిల్లాల్లో చూసుకోవలసిన విషయమిది.

గొలుసు మొదటి లింకులో ఇంకో చిల్లు ఉంటుంది. పల్లెలో డబ్బు కట్టిన వెన్నకూ, ఫ్యాక్టరీ గేటు దగ్గర తేలిన వెన్నకూ తేడా. రోజుకు 50,000 లీటర్లు సేకరించే యూనియన్‌లో ఆ తేడా 0.1 శాతమే అనుకున్నా, రోజుకు 51 కిలోల వెన్న, ఏడాదికి సుమారు 94 లక్షల రూపాయలు. సరిగ్గా కలపకుండా నమూనా తీయడం, క్యాన్ మూతకు మీగడ అంటుకోవడం, యంత్రాన్ని సరిచూడక ఎక్కువ చూపించడం, రీడింగు పెంచి రాయడం, ఇవన్నీ కారణాలే. కనిపెట్టడానికి ఒక గుర్తుంది. వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గితే నీళ్లు కలిశాయని అనుమానించాలి. వెన్న ఒక్కటే తగ్గి ఎస్‌ఎన్‌ఎఫ్ అలాగే ఉంటే, మీగడ తీశారు లేదా పరీక్షలో లోపముంది.

ఇక మిగులు పాలు. చలికాలంలో పాలు పొంగిపొర్లుతాయి, పట్నం తాగేది మాత్రం అంతే. గుజరాత్‌లో 1946లో పుట్టిన ఖేడా జిల్లా పాల యూనియన్‌కు, అంటే నేటి అమూల్‌కు, ఎదురైన గట్టి సమస్య ఇదే. చలికాలపు పాలన్నీ బొంబాయి తీసుకోలేదు. గేదెపాలతో పొడి చేయలేమని విదేశీ నిపుణులు అంటుండగా, హెచ్.ఎం. దలాయా చేసి చూపించారు. 1955లో ఆనంద్‌లో పొడి, వెన్న చేసే ఫ్యాక్టరీ మొదలైంది. ఆ ఫ్యాక్టరీ అసలు పని పొడి మీద లాభం తేవడం కన్నా, పాలను వెనక్కి పంపకుండా చూడటం. పొడి ధర పడిపోయిన ఏడు కిలోకు 210 వచ్చి, తయారీకి 30 అయితే, 240 పెట్టి కొన్న ఎస్‌ఎన్‌ఎఫ్ మీద 60 పోతుంది. పొడి వైపే లీటరుకు ఐదున్నర నష్టం. ప్రైవేటు డెయిరీ ‘ఇవాళ పాలు వద్దు’ అనగలదు. సహకార డెయిరీ తన సభ్యులతో ఆ మాట అనలేదు. కాబట్టి మిగులు నష్టాన్ని పొడి విభాగం అసమర్థత కింద రాయకూడదు. అది సభ్యత్వపు ఖర్చు, ఏడాది మొత్తం పాలు, పెరుగు మోయాల్సిన బరువు.

పోర్టర్ గొలుసు సహకార సంస్థకు పూర్తిగా అతకని చోటు కూడా ఇదే. మామూలు కంపెనీలో కొనుగోలు ధర తగ్గితే లాభం. ఇక్కడ పాలు పోసేవాడే యజమాని. పాల ధర తగ్గించి మిగులు చూపిస్తే అది రైతు జేబులోంచి తీసి యూనియన్ ఖాతాలో వేయడమే. అమూల్ వినియోగదారుడి రూపాయిలో 80 పైసలకు పైగా రైతుకు ఇస్తానంటుంది. ఆ మాట నిలబడాలంటే డబ్బు పెరుగు ప్యాకెట్లోనూ వెన్న లెక్కలోనూ దొరకాలి.

మీరు పాలు పోసే సభ్యులైతే, ఈసారి సర్వసభ్య సమావేశంలో లాభం ఎంతని ఒక్కటే అడిగి ఊరుకోకండి. కట్టిన వెన్న ఎన్ని కిలోలు, ఫ్యాక్టరీకి చేరింది ఎన్ని కిలోలు, క్రీమ్‌ను ఏ ధరకు రాశారు, పెరుగు ఎంత వెనక్కి వచ్చింది, ఈ నాలుగూ అడిగి జవాబు మినిట్స్‌లో రాయించండి.