డబ్బాలో ఎనిమిది చెంచాలు

కూల్‌డ్రింక్ డబ్బాను వెనక్కి తిప్పితే చీమతలకాయంత అక్షరాల్లో ఒక పట్టిక ఉంటుంది. అందులో శక్తి, కార్బోహైడ్రేట్, మొత్తం చక్కెర, కలిపిన చక్కెర అని వరుసలుంటాయి. కోలా డబ్బా మీద చక్కెర వరుసలో ఇంచుమించు 10.6 గ్రాములని చూస్తారు. పదే కదా అనిపిస్తుంది. కానీ పట్టిక నెత్తిన 'ప్రతి 100 మి.లీ.కి' అని ఉంటుంది. మనం తాగేది 100 మి.లీ. కాదు, డబ్బా మొత్తం.

మన దగ్గర అమ్మే కోలా డబ్బా 300 మి.లీ. అనుకుందాం. 10.6ను మూడుతో గుణిస్తే 31.8 గ్రాములు. తల కొట్టి కొలిచిన టీస్పూన్‌లో చక్కెర నాలుగు గ్రాముల చిల్లర పడుతుంది. నోటిలెక్కకు నాలుగే పెట్టుకుని భాగిస్తే దాదాపు ఎనిమిది చెంచాలు. ఇంట్లో మనం తీసే చెంచా ఎప్పుడూ శిఖరం కట్టే ఉంటుంది కాబట్టి ఆ చెంచాతో అయితే ఐదో ఆరో అవుతాయి. అందుకే చెంచాల లెక్కలో ఒక చెంచా అటూ ఇటూ అయినా పట్టించుకోనక్కర్లేదు. ఎనిమిదిని రెండు అనుకోకుండా ఉంటే చాలు.

పొరపాటు ఎక్కువగా జరిగేది ఈ గుణకారంలో కాదు, 'సర్వింగ్' అనే మాట దగ్గర. కొన్ని సీసాల మీద ఒక సర్వింగ్ అంటే 200 మి.లీ. అని వేసి, దాని పక్కన రోజువారీ మోతాదులో ఇంత శాతం అని ఇస్తారు. కలిపిన చక్కెరకు లేబుల్ మీద రోజుకు 50 గ్రాములను ప్రమాణంగా తీసుకుంటారు. ఆ లెక్కన 200 మి.లీ.కి 42 శాతం. చూసినవాడు ఇంకా సగానికి పైగా మిగిలిందనుకుంటాడు. చేతిలో ఉన్నది 750 మి.లీ. సీసా అయితే మాత్రం లోపల 79.5 గ్రాములు, అంటే 20 చెంచాలు! ప్రపంచ ఆరోగ్య సంస్థ వీలైతే రోజుకు 25 గ్రాముల లోపే ఉంచుకోమంటోంది. ఆ కొలతకు 300 మి.లీ. డబ్బా ఒక్కటే ఎక్కువ. కాబట్టి శాతాల జోలికి పోకుండా రెండే అంకెలు చూడండి: 100 మి.లీ.కి చక్కెర ఎంత, డబ్బా మీద మి.లీ. ఎన్ని.

ఇంత చక్కెర గొంతు దిగేదాకా తెలియదెందుకు? అంతే నీళ్లలో ఎనిమిది చెంచాలు కలిపి ఇస్తే రెండు గుక్కలకే వెగటు పుడుతుంది. కోలాలో ఆ వెగటును మూడు విషయాలు కప్పేస్తాయి: చల్లదనం, గ్యాసు, అన్నిటికన్నా ముఖ్యంగా పులుపు. డబ్బా గది వేడికి వచ్చి, గ్యాసు పోయాక తాగి చూస్తే ఆ తీపి బయటపడుతుంది.

ఆ పులుపు సంగతే లేబుల్ చెప్పదు. చక్కెరకు అంకె ఉంది, పులుపుకు లేదు. పదార్థాల జాబితాలో 'ఎసిడిటీ రెగ్యులేటర్' పక్కన ఒక నంబరు మాత్రం కనిపిస్తుంది. 338 అంటే ఫాస్ఫారిక్ ఆమ్లం, కోలాల్లో వాడేది. 330 అంటే సిట్రిక్ ఆమ్లం, నిమ్మ, నారింజ రుచుల్లో వాడేది. ఎంత వేశారో తెలియదు, ఏది వేశారో తెలుస్తుంది.

ఎంత పుల్లనో ప్రయోగశాలలో పీహెచ్‌తో కొలుస్తారు. నీళ్లకు 7. అంకె తగ్గేకొద్దీ ఆమ్లం పెరుగుతుంది, ఒక్క మెట్టు దిగితే పదింతలవుతుంది. అమెరికా దంతవైద్యుల సంఘం పత్రికలో 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో అక్కడి పానీయాలను వరసపెట్టి కొలిచారు. కోకాకోలా 2.37, స్ప్రైట్ 3.24, రెడ్‌బుల్ 3.43 వచ్చాయి. నిమ్మరసం 2.25. అంటే కోలా నిమ్మరసానికి దగ్గర్లోనే ఉంది. నాలుకకు తెలియకపోవడం చక్కెర చలవే. పంటి పైపొర 5.5కు కాస్త అటూ ఇటూగా కరగడం మొదలవుతుంది కాబట్టి, ఈ మూడూ ఆ గీతకు చాలా కిందే ఉన్నాయి.

అయితే పీహెచ్ ఒక్కటే చూసి కోలా కన్నా నిమ్మ రుచి పానీయం మెత్తనిదని తీర్మానించకూడదు. పీహెచ్ చెప్పేది ఆ క్షణంలో పులుపు తీవ్రత. ఉన్న ఆమ్లం మొత్తాన్ని విరిచేయడానికి లాలాజలం ఎంతసేపు పనిచేయాలన్నది వేరే లెక్క. సిట్రిక్ ఆమ్లం దండిగా ఉన్న పానీయం పీహెచ్‌లో కాస్త మెరుగ్గా కనిపించినా నోట్లో ఎక్కువసేపు నిలబడుతుంది. పైగా అది పంటిలోని కాల్షియంను పట్టి లాగే రకం. ఒట్టి సోడాలో ఉండేది బలహీనమైన కార్బోనిక్ ఆమ్లమే కనుక దాన్ని వీటితో ఒకే గాట కట్టనక్కర్లేదు.

కెఫీన్‌కు వస్తే లేబుల్ సగం చెబుతుంది. మన ఆహార భద్రత నిబంధనల ప్రకారం మామూలు కోలాలో లీటరుకు 145 మిల్లీగ్రాములు దాటకూడదు. 300 మి.లీ. డబ్బాకు ఆ పరిమితి 43.5 మిల్లీగ్రాములు. అంతకు మించితే అది 'కెఫినేటెడ్ బెవరేజ్' అనే వేరే తరగతి. ఎనర్జీ డ్రింకులన్నీ అందులోవే. వాటికి లీటరుకు 300 దాకా అనుమతి, అంటే 250 మి.లీ. సీసాలో 75 మిల్లీగ్రాముల వరకూ ఉండొచ్చు. పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తగదనే హెచ్చరిక కూడా వాటి మీద ఉండాలి. కాకపోతే దాన్ని ఎంత చిన్న అక్షరాల్లో వేస్తారో చూస్తే, చదవాలని వేశారా అన్న అనుమానం వస్తుంది.

పెద్దవాళ్లకు 75 పెద్ద విషయం కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 150 మి.లీ. డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుందని చెప్పి, రోజుకు 300 దాటొద్దంది. పిల్లల విషయం అలా కాదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ లెక్క ప్రకారం పిల్లలకు కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాములు మించకూడదు. 25 కిలోల పిల్లవాడికి అది సరిగ్గా 75. కిరాణా కొట్లో చిల్లరకు దొరికే ఒక్క సీసాతో వాడి రోజు కోటా అయిపోవచ్చు. కాఫీ ఇవ్వడానికి ఒప్పుకోని ఇళ్లే ఆ సీసా కొనిస్తుంటాయి.

ఈ మూడు కొలతలూ ఒకదానితో ఒకటి కలిసి నడవవు. స్ప్రైట్‌లో కెఫీన్ సున్నా. అమెరికాలో 355 మి.లీ. డబ్బాకు చక్కెర మాత్రం 38 గ్రాములు, అదే సైజు కోక్‌లో 39. చక్కెర లేదు కదా అని డైట్ కోక్ తీసుకుంటే చెంచాల లెక్క సున్నా అవుతుంది, కెఫీన్ మాత్రం మామూలు కోక్‌లోని 34కు బదులు 46 మిల్లీగ్రాములు. పైన చెప్పిన అధ్యయనంలోనే డైట్ కోక్ పీహెచ్ 3.10. పంటికి అదీ ఆమ్లమే.

కాబట్టి డైట్ డబ్బానైనా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బల్ల మీద పెట్టుకుని గుక్క గుక్కగా తాగితే, ప్రతి గుక్కకూ నోరు మళ్లీ పుల్లబడుతుంది, లాలాజలానికి తేరుకునే వ్యవధి ఉండదు. అదే డబ్బాను భోజనంతో పాటు ముగించి నీళ్లతో పుక్కిలిస్తే పంటికి తగిలేది చాలా తక్కువ. తాగిన వెంటనే బ్రష్ చేయడం మాత్రం మంచిది కాదు. ఆమ్లానికి మెత్తబడిన పైపొర అప్పుడు కుంచెకు అరుగుతుంది, అరగంటైనా ఆగాలి.