సోమవారం మారే మాట

ఉదయం మొదటి గంట కొట్టేసరికి తెలుగు రాష్ట్రాల్లోని చాలా బడుల్లో బోర్డు మీద మూడు సంగతులు కనిపిస్తాయి. ఒక మూల తేదీ ఉంటుంది. ఇంకో మూల తరగతిలో మొత్తం పిల్లలెందరు, ఇవాళ వచ్చిందెందరు అనే లెక్క. పైన ఒక సూక్తి. తేదీ, హాజరు రోజూ మారతాయి. సూక్తి మాత్రం ఒక్కోచోట జూన్‌లో రాసింది వినాయక చవితి దాకా అలాగే ఉండిపోతుంది. చుట్టూ గీత గీసి, పక్కన ‘తుడపరాదు’ అని రాస్తారు కూడా. పిల్లలు దాన్ని తుడపరు. కానీ రెండో వారం నుంచి చదవరు కూడా. రోజూ కనిపించేదాన్ని కన్ను వదిలేస్తుంది, గోడ మీద పెయింటుతో రాయించిన పెద్ద పెద్ద వాక్యాలకు పట్టే గతీ ఇదే.

అందుకే కొందరు ఉపాధ్యాయులు వారానికొక మాట పద్ధతి పాటిస్తున్నారు. సోమవారం రాసింది శనివారం తుడిచేస్తారు. బళ్లు తెరిచే జూన్ 12 నుంచి దసరా సెలవుల దాకా లెక్కేస్తే సుమారు పద్నాలుగు వారాలు వస్తాయి. అంటే పద్నాలుగు మాటలు కావాలి. సూక్తుల పుస్తకం ఒకటి కొని, పేజీ తర్వాత పేజీ రాసుకుంటూ పోతే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. ఎందుకో తెలియాలంటే ఒక పాత ప్రయోగం చూడాలి.

1975లో అమెరికాలో రిచర్డ్ మిల్లర్, ఫిలిప్ బ్రిక్‌మన్, డయానా బోలెన్ అనే పరిశోధకులు అయిదో తరగతి పిల్లల మీద ఒక పరీక్ష చేశారు. ఒక తరగతికి చెత్త ఎక్కడపడితే అక్కడ వేయకూడదని, గది శుభ్రంగా ఉంచుకోవాలని కొన్ని రోజుల పాటు రకరకాలుగా నచ్చజెప్పారు. ఇంకో తరగతికి నీతులేమీ చెప్పలేదు. మీరు శుభ్రంగా ఉండే పిల్లలు, చెత్త కింద పడేయరు అని ఉన్న సంగతిలా చెప్తూ వచ్చారు. తర్వాత రెండు తరగతుల్లోనూ చాక్లెట్లు పంచి, కాగితాలు ఎటు పోతాయో గమనించారు. ‘ఉండాలి’ అని విన్న పిల్లల కంటే ‘ఉంటారు’ అని విన్న పిల్లలే ఎక్కువగా కాగితాలు చెత్తబుట్టలో వేశారు. చెప్పడం మానేసిన తర్వాత కూడా వాళ్ల అలవాటు నిలిచింది.

మన బోర్డుల మీది సూక్తులు చాలావరకు మొదటి రకానివే. కష్టపడాలి, సమయం వృథా చేయరాదు, పెద్దలను గౌరవించాలి. ఇవి మంచి మాటలే, అయితే పిల్లవాడు ఇంట్లో, బడిలో, బస్సులో పొద్దస్తమానం వినేవీ ఇవే. ఇంకో ఆజ్ఞగా బోర్డు మీద కనిపిస్తే వాటికి కొత్త బలమేమీ రాదు. తరగతి నిజంగా చేస్తున్న పనిని తరగతికే చూపించే మాటకు ఆ బలం ఉంటుంది. ‘అడగకుండానే బెంచీలు సర్దుకునే తరగతి ఇది’ అని రాస్తే, మర్నాడు ఆ బెంచీలు సర్దకుండా వెళ్లడం పిల్లలకు కష్టం. ఒకటే షరతు, అది నిజమై ఉండాలి. పిల్లలు ఒక్కసారైనా సర్ది ఉండాలి. లేనిదాన్ని ఉన్నట్టు రాస్తే ఆరో తరగతి పిల్లలు ఇట్టే పసిగడతారు.

ఇక పద్నాలుగు వారాలు ఎలా నడుస్తాయో ఒక తరగతిని తీసుకుని చూద్దాం. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరో తరగతి అనుకుందాం. చుట్టుపక్కల ఊళ్ల ప్రాథమిక బడుల నుంచి పిల్లలు వచ్చి చేరారు. నిన్నటిదాకా ఒకరిద్దరు టీచర్లే అన్నీ చెప్పేవారు. ఇప్పుడు పీరియడ్ మారితే మనిషి మారతారు. పక్కన కూర్చున్నది ఎవరో తెలియదు. అలాంటి మొదటి వారంలో లక్ష్యాలు, విజయాలు, శిఖరాలు వాళ్లకు అందవు. ‘ఈ వారం ముగ్గురి పేర్లు కొత్తగా తెలుసుకుందాం’ అన్నది అందుతుంది. శనివారం ఎవరు ఎవరి పేర్లు తెలుసుకున్నారో అడగొచ్చు కూడా.

రెండో, మూడో వారాలకు పాఠాలు ఊపందుకుంటాయి. కొత్తచోట అర్థం కాలేదని చెప్పడానికి పిల్లలు భయపడే రోజులివి. ‘అర్థం కాలేదు అని చెప్పడం కూడా పాఠంలో భాగమే’ అని రాసి, ఆ వారం మొదటిసారి చెయ్యెత్తిన పిల్లను ఆపి, ప్రశ్నకు ఓపిగ్గా జవాబు చెప్తే ఆ మాటకు ప్రాణం వస్తుంది. అదే టీచరు ‘ఇంతసేపూ ఏం విన్నావ్?’ అన్నారంటే బోర్డు మీది మాట అక్కడితో అబద్ధమైపోతుంది. ఈ పద్ధతి విఫలమయ్యేది ఎక్కువగా ఇక్కడే.

జూలైలో వానలు, నాట్లు. పల్లెటూళ్లలో హాజరు తగ్గుతుంది. తెలంగాణలో బోనాలూ అప్పుడే. ఆ వారాల్లో రోజూ బడికి రావాలని రాస్తే, అది చదివేది వచ్చిన పిల్లలే కదా! వాళ్లు చేయగలిగింది వేరే ఉంది. ‘నిన్న రానివాళ్లకు నిన్నటి పాఠం చెప్పేది మనమే’. ఈ మాటను నిలబెట్టడానికి ఉదయం పది నిమిషాలు కేటాయించాలి. రాని పిల్లవాడి పక్కన వచ్చిన పిల్లవాడు కూర్చుని నోట్సు చూపిస్తాడు.

ఫార్మేటివ్ పరీక్షకు ముందు వారం, తర్వాతి వారం రెండూ వేరు వేరు మాటలు కోరతాయి. ముందు వారం భయం ఉంటుంది. ‘రాని పాఠమేదో తెలిసిందా, అయితే ఇంకా నాలుగు రోజులున్నాయి’ అన్నది పిల్లల్ని పుస్తకం దగ్గరకు తీసుకెళ్తుంది. మార్కులు వచ్చిన వారం మరీ సున్నితమైనది. చాలా తరగతుల్లో ఆ వారం బోర్డెక్కేది మొదటి ముగ్గురి పేర్లు. మిగిలిన ముప్పైమందికీ ఆ బోర్డులో చోటు లేదు. దాని బదులు ‘తప్పిన ప్రశ్న ఒకటి ఎంచుకో, ఈ వారం దాని పని పడదాం’ అని రాస్తే మొదటి ర్యాంకు పిల్లకూ పని దొరుకుతుంది, చివరి పిల్లవాడికీ దొరుకుతుంది.

ఈ వారంలోనే ‘నువ్వు చాలా తెలివైనదానివి’ అనే పొగడ్తను బోర్డుకు దూరంగా ఉంచడం మంచిది. క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన అధ్యయనంలో, తెలివిని పొగడ్తగా విన్న పిల్లలు కష్టమైన ప్రశ్నలు ఎదురయ్యాక త్వరగా వెనకడుగు వేశారు. శ్రమను మెచ్చుకోగా విన్నవాళ్లు ఇంకా ప్రయత్నించారు. కానీ తర్వాతి కాలంలో డ్వెక్కే ఒక హెచ్చరిక కూడా చేశారు. ఉత్తి శ్రమను పొగుడుతూ కూర్చుంటే చాలదు, దారి తెలియని పిల్లలకు కొత్త దారి చూపాలి అని. భిన్నాలు అర్థంకాని పిల్ల రాత్రంతా కూర్చున్నా భిన్నాలు రావు. అలాంటి పిల్లకు ‘కష్టపడితే సాధ్యం కానిది లేదు’ అన్న మాట, తాను కష్టపడలేదన్న నిందలా వినిపిస్తుంది. అందుకే ‘ఒక పద్ధతిలో రాకపోతే ఇంకో పద్ధతి అడుగు’ అన్నది మేలు. అడిగినప్పుడు టీచరు దగ్గర ఆ రెండో పద్ధతి సిద్ధంగా ఉండాలి మరి.

అన్నిటికంటే ముందు, ఆ మాట పిల్లలు చదవగలగాలి. 2022 అసర్ సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 42.8 శాతమే. ఆత్మస్థైర్యం, దృఢసంకల్పం, లక్ష్యసాధన వంటి మాటలతో నిండిన సూక్తి ఆరో తరగతిలో సగంమందికి కూడబలుక్కుని చదవాల్సిన పదాల వరుస అవుతుంది. ఆరేడు మాటలు, వీలైనన్ని తక్కువ ఒత్తులు, పిల్లలు మాట్లాడే తెలుగు ఉంటే చాలు. రాసేటప్పుడు తెల్ల సుద్ద గానీ పసుపు గానీ వాడాలి. ఎరుపు, నీలం నల్లబల్ల మీద చివరి బెంచీకి కనిపించవు. వరుసల మధ్య ఎడం ఎక్కువ వదలాలి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస తలకట్లకు తగిలి రెండూ చెడతాయి. రాసిన తర్వాత టీచరు ఒకసారి చివరి బెంచీలో కూర్చుని చూసుకుంటే సరి.

చోటు సంగతి కూడా ఉంది. పాఠం రాసే భాగంలో కాకుండా పక్కన ఒక మూల చాలు. బొమ్మలు, రంగు కాగితాలు, పూల అంచులు అక్కర్లేదు. 2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 24 మంది చిన్నపిల్లలకు కొన్ని పాఠాలు అలంకరించిన గదిలో, కొన్ని ఖాళీ గోడల గదిలో చెప్పి చూశారు. అలంకరించిన గదిలో పిల్లల దృష్టి ఎక్కువగా చెదిరింది, పాఠం తక్కువగా ఎక్కింది. వాళ్లు కిండర్‌గార్టెన్ పిల్లలు కాబట్టి ఆ ఫలితం హైస్కూలుకు యథాతథంగా వర్తించకపోవచ్చు. అయినా ఒకే మాట, ఒకే మూల అన్న నియమానికి దాన్నుంచి మంచి ఆధారం దొరుకుతుంది.

గొప్పవాళ్ల మాటలు అసలు రాయకూడదా? రాయొచ్చు. కానీ వాట్సాప్‌లో వచ్చిన ప్రతి వాక్యం కింద అబ్దుల్ కలాం పేరో వివేకానందుడి పేరో ఉంటుంది. మార్పు నీతోనే మొదలవ్వాలన్న అర్థంతో గాంధీ పేరిట తిరిగే ప్రసిద్ధ వాక్యం ఆయన రచనల్లో ఆ రూపంలో దొరకదు. 1913లో ఆయన రాసిన ఒక పెద్ద పేరాలోని భావాన్ని ఎవరో కుదించినట్టుంది. లేవండి, మేల్కొనండి అంటూ వివేకానందుడు దేశమంతటికీ వినిపించిన పిలుపుకు మూలం కఠోపనిషత్తు. మాట ఎక్కడ, ఏ సందర్భంలో పుట్టిందో తెలిసినప్పుడు దాన్ని రాసి, ఆ కథ కూడా చెప్తే పిల్లలకు రెండు రకాల లాభం. తెలియనప్పుడు పేరు లేకుండా వదిలేయడమే నిజాయితీ. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి జయంతి. ఆ వారం ఆయన పేరిట ఏదో వాక్యం వెతికే బదులు, ‘ఇంట్లో మాట్లాడే మాటల్లోనే ఈ వారం ఒక పేజీ రాద్దాం’ అంటే ఆయన పోరాడిన సంగతే పిల్లల చేతికి వస్తుంది.

మాట పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. గురువారం బోర్డు మీద ఆ మూలను అట్టముక్కతో మూసి, ఏముందో చెప్పమనాలి. సగంమంది కూడా చెప్పలేకపోతే మాట కఠినంగానైనా ఉంది, లేదా టీచరు సోమవారం తర్వాత దాన్ని మళ్లీ తలచుకోలేదు. ఎక్కువగా రెండోదే కారణం. సోమవారం రెండు నిమిషాలు, వారం మధ్యలో పాఠానికి ముడిపెట్టి ఒకసారి, శనివారం ఏం జరిగిందో ఒక ప్రశ్న. ఈ మూడూ కుదరని వారం కొత్తమాట రాయకుండా మూల ఖాళీగా వదిలినా నష్టం లేదు.

తరగతి ఒక దారికి వచ్చాక, సెప్టెంబర్ నుంచి మాటలు రాసే పని పిల్లలకే అప్పగించవచ్చు. అంటే చక్కటి చేతిరాత ఉన్న ఒక్కరికే సుద్దముక్క ఇవ్వడం కాదు. నలుగురు చొప్పున జట్లు చేసి, ఈ వారం మన తరగతికి ఏది కష్టంగా ఉంది అని అడిగి, దాని మీద మాట తయారు చేయమనాలి. మొదట్లో పిల్లలు పుస్తకాల వెనక అట్ట మీది సూక్తులే తెస్తారు. వాటిని కాదనకుండా, ఇది మన గదిలో ఎప్పుడు పనికొస్తుంది అని అడిగితే చాలు. రెండో జట్టు నుంచి లెక్కల పీరియడ్, మధ్యాహ్న భోజనం క్యూ, చినుకుల్లో తడిసిన నోట్సు లాంటివి మాటల్లోకి వస్తాయి.

ప్రతి వారం రాసిన మాట, తేదీ, ఆ వారం ఏం జరిగిందన్న ఒక వాక్యం ఒక నోటుబుక్కులో పెట్టుకుంటే వచ్చే జూన్‌కు పనికొస్తుంది. మాటలన్నీ మళ్లీ వాడుకోవడానికి కాదు. జూలై మూడో వారంలో పిల్లలకు ఏం అవసరమైందో, పరీక్ష మార్కులు ఏ వారం వచ్చాయో అందులో ఉంటుంది. కొత్త తరగతికి కొత్త మాట రాయడానికి ఆ సమాచారమే మొదట కావాలి. దసరా సెలవుల తర్వాత బడి తెరిచిన రోజున, సమ్మేటివ్ పరీక్ష ముంచుకొస్తుండగా ఏం రాయాలన్నదీ ఆ పుస్తకం తిరగేస్తేనే తేలుతుంది.